ఎప్పుడో చదివిన నవల కథను జ్ఞాపకాల ముక్కల నుంచి తిరిగి కూర్చుకోవడం ఎలా, సరిచూసుకోవడం ఎలా

"ఇందిర అనే అమ్మాయి ఉంటుందండీ, మెడిసిన్ చదివే కుర్రాడు ఉంటాడు, చివర్లో ఎవరో చనిపోతారు, ఏ నవల ఇది?" ఇలాంటి ప్రశ్నలు పుస్తకాలు చదివేవాళ్లు నలుగురు కలిసిన ప్రతిచోటా వస్తూనే ఉంటాయి. ఎవరో ఒకరు అర నిమిషంలో ఒక పేరు చెప్పేస్తారు, అడిగినవాళ్లు "ఆఁ అదే అదే" అని సంతోషపడిపోతారు, అంతటితో సంగతి అయిపోతుంది. కానీ పేరు దొరికింది కాబట్టి కథ కూడా దొరికినట్టే అనుకోవద్దు. నూటికి తొంభైసార్లు మీ తలలో ఉన్నది ఒక్క నవల కాదు, రెండో మూడో కలిసిపోయిన ముద్ద. దాన్ని విడదీసి, ఏ ముక్క ఏ పుస్తకానిదో తేల్చుకుని, మిగిలిన కథని వరసలో పెట్టుకోవడం ఎలాగో చెప్తాను.

నమూనాగా మా పిన్ని జ్ఞాపకాలనే తీసుకుంటున్నాను. ఆవిడ డిగ్రీ రోజుల్లో లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివిన నవల ఒకటి మళ్లీ చదవాలని పట్టుబట్టింది, పేరు మాత్రం గుర్తులేదు. పైన రాసిన ప్రశ్న దాదాపుగా ఆవిడదే.

కావలసినవి

చీటీలుగా చింపుకోవడానికి పాత నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, వారం రోజుల టైము. టైము అని ఎందుకంటున్నానంటే ఒక్క కూర్చోవడంలో అన్నీ గుర్తురావు, రెండో రోజు స్నానం చేస్తుంటేనో బస్సులో కూర్చుంటేనో ఇంకో ముక్క తడుతుంది. ఫోన్ కూడా కావాలి కానీ ఇప్పుడే కాదు, ఐదో మెట్టు దాకా దాన్ని పక్కన పెట్టండి. ఇది చాదస్తం కాదు. ఒక్కసారి తెలుగు వికీపీడియాలో కథాసారాంశం చదివారంటే ఇక ఆ తర్వాత మీకు గుర్తున్నదేదో ఇప్పుడు చదివిందేదో మీరే చెప్పలేరు, "నాకు ముందే గుర్తుంది" అనిపిస్తుంది. అక్కడితో సరిచూడటానికి ఏమీ మిగలదు.

1. వెతక్కముందే రాయండి, ఒక చీటీకి ఒకటే ముక్క

గుర్తొచ్చిన ప్రతి ముక్కనీ విడిగా ఒక చీటీ మీద రాయండి. కథలా అల్లి రాయొద్దు. "ఇందిర మెడికల్ స్టూడెంట్‌ని ప్రేమించింది కానీ వాడు పిరికివాడు కాబట్టి ఇంకొకడిని చేసుకుంది" అని ఒక్క వాక్యంలో రాశారంటే అందులో నాలుగు ముక్కలున్నాయి, పైగా "కాబట్టి" అన్నది మీరు ఇప్పుడు కలిపింది. నాలుగు చీటీలుగా విడగొట్టండి, "కాబట్టి"ని అవతల పారేయండి.

మా పిన్ని చీటీలు ఇలా వచ్చాయి: ఇందిర అనే అమ్మాయి, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. మెడిసిన్ చదివే కుర్రాడు. అతనికి మేనమామంటే భయం. సముద్రం ఉన్న ఊరు. ఇంకో అమ్మాయి, నెమ్మదస్తురాలు, పేరు తెలీదు. హీరో తల్లి గురించి లోకం చెడ్డగా అనుకుంటుంది. రాయలసీమలో వజ్రం దొరుకుతుంది. ఇందిర జబ్బుచేసి చనిపోతుంది. ఇందిర చివర్లో వేరే అతన్ని పెళ్లి చేసుకుంటుంది. ముగ్గురు అమ్మాయిలు, ఏదో పాట. ఎవరో వానలో తడుస్తూ ఉత్తరం చదువుతున్నారు.

చూశారుగా, ఇందిర ఒక చీటీలో చనిపోయింది, ఇంకో చీటీలో పెళ్లి చేసుకుంది. ఆవిడ "అయ్యో, రెండూ ఎలా రాశాను" అని ఒకటి కొట్టేయబోయింది. కొట్టేయొద్దు. ఒకదానితో ఒకటి పడని చీటీలే మీకు అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తాయి, ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.

కథతో సంబంధం లేనివి కూడా రాయండి. పుస్తకం ఎక్కడ దొరికింది, లైబ్రరీదా, అద్దె పుస్తకాల షాపుదా, వారపత్రికలోంచి చింపి బైండు చేయించిన సీరియలా, అప్పుడు మీరు ఏ క్లాసు, ఏ ఊళ్లో ఉన్నారు, ఆ పుస్తకం ఇంట్లో ఇంకెవరు చదివారు. బైండు అయితే అది తప్పకుండా రాయండి. సీరియల్ బైండుల్లో మధ్యలో ఒకటో రెండో వారాలు లేకపోవడం మామూలే, పక్కింటివాళ్లు పట్టుకెళ్లిన సంచిక తిరిగి రాకపోతే ఆ వారం కథ పోయినట్టే. కాబట్టి మీ జ్ఞాపకంలో ఉన్న ఖాళీ మీ మతిమరుపు వల్ల కాకపోవచ్చు, అసలు ఆ భాగం మీరు చదివే ఉండరు.

2. ప్రతి చీటీ మీదా అది ఎలాంటి జ్ఞాపకమో గుర్తు పెట్టండి

రెండో రంగు పెన్ను ఇక్కడ వాడండి. నేను మూడు రకాలుగా విడదీయమంటాను: జరిగిన సంగతి, పేరు, అభిప్రాయం.

జరిగిన సంగతి అంటే ఎవరు ఏం చేశారో చెప్పగలిగేది. మేనమామకి ఎదురు చెప్పలేకపోవడం ఒక సంగతి. పేర్లు వేరే పెట్టమనడానికి కారణం ఉంది, ఆ కాలపు నవలల్లో ఒకే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక్క ఇందిర పేరే చూడండి. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి భార్య పేరు ఇందిర. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు భార్య పేరూ ఇందిరే. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'లో మొత్తం కథని నడిపించే అమ్మాయి పేరు కూడా ఇందిరే. మూడూ పదిహేనేళ్ల లోపు వచ్చిన నవలలు, మూడూ లైబ్రరీల్లో ఒకే బీరువాలో ఉండేవి, సాహిత్యం మీద ఆసక్తి ఉన్నవాళ్లు మూడూ చదివి ఉంటారు. కాబట్టి పేరు ఒక్కటి పట్టుకుని పుస్తకం తేల్చేయకండి.

ఇక అభిప్రాయం. ఇది అన్నిటికన్నా దొంగ చీటీ, ఎందుకంటే సంగతిలా వేషం వేసుకుని వస్తుంది. పిన్ని మొదట "ఇందిర చాలా స్వార్థపరురాలు, ఆ నెమ్మదైన అమ్మాయికి అన్యాయం చేసింది" అని రాసింది. "ఏం చేసింది పిన్నీ?" అంటే చెప్పలేకపోయింది. కాసేపు ఆలోచించి ఏదో ఒక సంఘటన చెప్పబోయి, "ఏమోరా, ఇది నేను కల్పిస్తున్నానేమో" అని తనే ఆపేసింది. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అన్న మూడు ప్రశ్నలకి జవాబు రాకపోతే ఆ చీటీ మీద "అభిప్రాయం" అని రాసి వేరే కట్ట కట్టండి. పారేయొద్దు, తర్వాత పనికొస్తుంది, కానీ కథలో మాత్రం పెట్టొద్దు. ఇరవై ఏళ్ల వయసులో ఒక పాత్ర మీద పెంచుకున్న కోపమో ఇష్టమో అలాగే ఉండిపోతుంది, దానికి కారణమైన సంఘటన మాత్రం పోతుంది, ఆ ఖాళీలో మనసు తనకు తోచింది పెట్టేస్తుంది.

సిద్ధాంతం ఒక్క పేరా చాలు. ఇంగ్లండులో బార్ట్‌లెట్ అనే మనస్తత్వవేత్త ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి కేంబ్రిడ్జి విద్యార్థులతో చదివించి, కొంత కాలం తర్వాత మళ్లీ రాయమన్నాడు. 1932లో వేసిన పుస్తకంలో ఆ రాతలు ఉన్నాయి. వాళ్లు మర్చిపోవడమే కాదు, మార్చేశారు. తమకు కొత్తగా ఉన్న దోనె మామూలు పడవ అయిపోయింది, సీల్ వేట కాస్తా చేపలు పట్టడం అయిపోయింది, అర్థంకాని చోట్ల అర్థమయ్యే కారణాలు పుట్టుకొచ్చాయి. మనం చేసేదీ అదే. అందుకని మీ కథలో మరీ నున్నగా, మరీ సబబుగా ఉన్న చోటే ముందు అనుమానించండి.

3. పడని చీటీల్ని ఎదురెదురుగా పెట్టండి

నేల మీద చీటీలన్నీ పరిచి, ఒకే పుస్తకంలో కలిసి ఉండలేనివి ఏవో చూడండి. మూడు విషయాల దగ్గర చూస్తే చాలు: చావు, పెళ్లి, ఊరు. ఈ మూడూ మాట మార్చుకోవు. చనిపోయిన మనిషి తర్వాత పెళ్లి చేసుకోదు, ఒక కథ రెండు ఊళ్లలో నడవాలంటే మధ్యలో ఎవరో ప్రయాణం చెయ్యాలి.

పిన్ని చీటీల్లో ఇందిర చావు, ఇందిర పెళ్లి ఎదురెదురుగా ఉన్నాయి. సముద్రం ఉన్న ఊరు, రాయలసీమ వజ్రం ఎదురెదురుగా ఉన్నాయి. ఇప్పుడు మిగతా చీటీల్ని ఒక్కొక్కటే తీసుకుని ఇది ఏ వైపుకి దగ్గర అని అడగండి. హీరో తల్లి గురించి లోకం అనుకునే మాటలు ఎటు? పిన్ని ఆలోచించకుండానే వజ్రం వైపు పెట్టింది. మేనమామ భయం? సముద్రం వైపు. ఉద్యోగం చేసే ఇందిర? సముద్రం వైపు. జబ్బుతో పోయిన ఇందిర ఉద్యోగం చేసినట్టు ఆవిడకి అసలు గుర్తులేదు, ఆ ఇందిర ఎవరికో భార్య. అలా రెండు కుప్పలు తేలాయి. మెడిసిన్ చదివే కుర్రాడు చీటీ మాత్రం ఎటూ పోలేదు, రెండు వైపులా సరిపోతుంది. సరిపోనివ్వండి. రెండు నవలలు కలిసిపోయాయంటే వాటి మధ్య ఇలాంటి అతుకు ఒకటి ఉంటుంది, ఒకే పేరో, ఒకే వృత్తో, ఒకే రకం ఇల్లో. అది దొరికిందంటే ముడి ఎక్కడుందో దొరికినట్టే.

ఎదురెదురు చీటీలు ఒక్కటీ లేకపోతే? అప్పుడు ఒకే పుస్తకం అనుకుని ముందుకెళ్లండి, కానీ ఒకసారి సినిమా సంగతి చూసుకోండి. 'కాలాతీత వ్యక్తులు' ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది, నవలకీ దానికీ చాలా తేడా ఉంది, పాత్రల పేర్లు కూడా మారిపోయాయి. పిన్ని చీటీల్లో "ముగ్గురు అమ్మాయిలు, ఏదో పాట" అని ఉంది చూడండి, పాట వినిపించే చీటీ నవలది కాదు. అలాగే ఒక పాత్ర తలుచుకోగానే సావిత్రి మొహమో నాగేశ్వరరావు మొహమో కళ్ల ముందుకొస్తే ఆ చీటీ మూలన "సినిమా?" అని రాసుకోండి. నవల చదివి, సినిమా చూసి, టీవీలో మళ్లీ ఓసారి చూసినవాళ్లకి నవల ముగింపు చెరిగిపోయి సినిమా ముగింపే మిగలడం నేను చాలామందిలో చూశాను.

4. వరస పెట్టండి, కానీ ఖాళీలు నింపకండి

ఇప్పుడు ఒక్కో కుప్పనీ విడిగా వరస పెట్టండి. మీకు గుర్తొచ్చిన వరసలో కాదు, ముందూ వెనకా తేల్చే ప్రశ్నలు వేసుకుని. ఈ సంఘటన జరిగేసరికి ఆ కుర్రాడు ఇంకా చదువుతున్నాడా, డాక్టరయ్యాడా? తండ్రి ఉన్నాడా? ఇద్దరూ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారా? చదువు, ఇల్లు, పెద్దవాళ్లు బతికి ఉండటం, ఈ మూడింటితో వరస చాలావరకు తేలిపోతుంది.

రెండు చీటీల మధ్య ఏమైందో తెలియకపోతే ఖాళీ చీటీ ఒకటి పెట్టి దాని మీద ప్రశ్న రాయండి. పిన్ని కుప్పలో "మేనమామంటే భయం" దగ్గర్నుంచి "ఇందిర వేరే అతన్ని చేసుకుంది" దాకా మధ్యలో ఏమీ లేదు. ఆవిడ వెంటనే "మేనమామ వచ్చి పెళ్లి చెడగొట్టి ఉంటాడు" అంది. ఉండొచ్చు. కానీ "ఉంటాడు" అన్నాక అది జ్ఞాపకం కాదు, ఊహ. ఖాళీ చీటీ మీద "ఇక్కడ ఏం జరిగి ఆ కుర్రాడు పక్కకి తప్పుకున్నాడు?" అని రాయించాను. ఊహని కూడా రాయాలనిపిస్తే చీటీ వెనకవైపు రాయండి, ముందువైపు మాత్రం ప్రశ్నే ఉండాలి.

ఇక్కడ జనం ఎక్కువగా చేసే తప్పు ఇంకొకటుంది, ముగింపు నుంచి వెనక్కి కథ అల్లడం. చివర ఎవరికి ఎవరితో పెళ్లయిందో గుర్తుంటే మొదట్నుంచీ వాళ్ల మధ్య ఏదో ఉన్నట్టు అల్లేస్తారు. చివర్లో ఇందిరని చేసుకున్నవాడు కథలో మొదట ఎలా కనిపించాడో గుర్తులేకపోతే గుర్తులేదనే రాయండి.

5. పుస్తకాన్ని పట్టుకోండి, కథ చదవకుండా

ఇప్పుడు ఫోన్ తీయొచ్చు. వెతికేటప్పుడు పేరు ఒక్కటే కాకుండా పేరుతో పాటు అరుదైన సంగతి ఒకటి కలిపి వెతకండి. "ఇందిర నవల" అని కొడితే ఏమీ తేలదు. ఇలా కొట్టండి:

```
దయానిధి వజ్రం నవల
ఇందిర మెడికల్ విద్యార్థి విశాఖపట్నం నవల
site:te.wikipedia.org ఇందిర మేనమామ నవల
```

మొదటిదాంట్లో హీరో పేరు మీకు గుర్తుండకపోవచ్చు, అప్పుడు "రాయలసీమ వజ్రం డాక్టర్ నవల" అని కొట్టి చూడండి. ఫలితాల్లో పుస్తకం పేరూ, రచయిత పేరూ, పాత్రల పేర్లూ మాత్రం చూసి పేజీ మూసేయండి. కష్టమే, కథ మీ కళ్ల ముందే ఉంటుంది. ఆపుకోలేను అనుకుంటే ఇంట్లో ఇంకొకరిని చూడమని పాత్రల పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాసిమ్మనండి. మా ఇంట్లో అదే చేశాం. కాగితం మీద ప్రకాశం, కృష్ణమూర్తి, కల్యాణి, వసుంధర, చక్రవర్తి అని ఉంది. పిన్ని కల్యాణి దగ్గర ఆగి "ఇదే, ఆ నెమ్మదైన అమ్మాయి ఇదే" అంది. అమృతం, కోమలి, దయానిధి అన్న పేర్లున్న రెండో కాగితం చూపిస్తే "ఇది వేరే పుస్తకం కదరా, వజ్రం ఇందులోది" అని తనే తేల్చింది.

మనుషుల్ని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. "చివర్లో ఇందిర కృష్ణమూర్తినే చేసుకుంటుంది కదా?" అని అడిగితే సగంమంది "అవునవును" అంటారు, గుర్తుండి కాదు, మొహమాటానికి. "చివర్లో ఇందిర ఏమవుతుంది?" అని అడగండి, జవాబు వాళ్ల నోటి నుంచి రానివ్వండి. ఇద్దరు వేరువేరుగా, ఒకరి మాట ఒకరు వినకుండా, ఒకే జవాబిస్తే దానికి విలువుంది. ఒకే గదిలో కూర్చున్న ఐదుగురు తలూపితే దానికి ఒకరు చెప్పినంత విలువే.

6. పందెం కాయండి

పుస్తకం తెరిచే ముందు మీ కథలోంచి ఐదారు మాటలు తీసి, అవునో కాదో కచ్చితంగా తేలేలా రాసుకోండి. "ఇందిర గొప్ప పాత్ర" అన్నది తేలేది కాదు. "ఇందిర పెళ్లి చేసుకునేది మెడిసిన్ చదివే కుర్రాణ్ణి కాదు" అన్నది తేలుతుంది. "కథ జరిగేది సముద్రం ఉన్న ఊళ్లో", "కుర్రాడు మేనమామకి ఎదురు చెప్పడు", "ఇందిర చనిపోదు", ఇవన్నీ తేలతాయి. ప్రతిదాని పక్కనా మీకు ఎంత నమ్మకమో కూడా వేయండి, ఖాయం, సగం సగం, గాలివాటం అని. ఎందుకంటే తర్వాత చూసుకుంటే మీ "ఖాయం"లు ఏ రకం చీటీల్లో తప్పాయో తెలుస్తుంది. మా పిన్నికి మనుషుల మధ్య చుట్టరికాలు బాగా గుర్తుంటాయి, చావులు మాత్రం ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి దూకుతాయి. మీ లెక్క వేరే ఉండొచ్చు.

7. పుస్తకంలో చూడండి

కొత్త ముద్రణ దొరికితే కొనుక్కోవడం అన్నిటికన్నా తేలిక, ఈ రెండు నవలలూ మళ్లీ మళ్లీ అచ్చయినవే. దొరక్కపోతే archive.org లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు బోలెడు ఉన్నాయి. అక్కడ చిక్కేమిటంటే పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్టు ఉంటాయి. ఒకే పేరుని నాలుగు రకాలుగా కొట్టి చూడాలి:

```
kalateeta vyaktulu
kaalaatiita vyaktulu
kalatheetha vyakthulu
vyaktulu sridevi
```

దీర్ఘాలకి aa, ii పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి, త కి t పెట్టి ఒకసారి, th పెట్టి ఒకసారి. అయినా రాకపోతే రచయిత పేరుతో కొట్టండి. దొరికినా అట్ట మీద పేరు నమ్మకుండా లోపలి పేజీ తెరిచి చూడండి, పేరొకటి లోపల పుస్తకం ఒకటి ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి.

ఊళ్లో లైబ్రరీ ఉంటే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలో సారస్వత నికేతనం, ఇవన్నీ పాత పుస్తకాలూ పత్రికలూ దాచిన చోట్లు. 'కాలాతీత వ్యక్తులు' మొదట 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చింది. మీరు చదివింది సీరియల్ అయితే పత్రికలోనే చూడటం న్యాయం, ఎందుకంటే సీరియల్ పుస్తకమయ్యేటప్పుడు కొన్నిసార్లు మార్పులు జరుగుతాయి, అప్పుడు మీ జ్ఞాపకం సరైనదే అయినా పుస్తకంలో కనపడదు.

స్కాన్ చేసిన పుస్తకంలో మాట వెతకడం మామూలుగా కుదరదు, అది ఫోటో. అలాగని మొదటి పేజీ నుంచి చదవాలనేం లేదు. మొదటి పదిహేను పేజీలు చదివి ఊరూ, ఇల్లూ, ఎవరెవరు ఉన్నారో చూడండి. తర్వాత చివరి ఇరవై పేజీలు. ఈ రెంటితోనే పందాల్లో సగం తేలిపోతాయి. ఆ తర్వాత సరిగ్గా మధ్యకి వెళ్లి, మీ వరసలో మధ్య చీటీ ఏదో అది ఇంకా జరగలేదా, అయిపోయిందా చూడండి. అయిపోతే వెనక్కి సగం, జరగకపోతే ముందుకి సగం. ఇలా నాలుగైదుసార్లు దూకితే కావాల్సిన సన్నివేశం దొరుకుతుంది. దొరికాక దానికి ముందు ఒక ప్రకరణం, తర్వాత ఒక ప్రకరణం పూర్తిగా చదవండి, కారణాలు అక్కడే ఉంటాయి.

పిన్ని లెక్క ఇలా తేలింది. విశాఖపట్నం సరే. మెడికల్ విద్యార్థి ప్రకాశం, మేనమామ మాట దాటలేని మెతకతనం సరే. ఇందిర చివరికి కృష్ణమూర్తిని చేసుకోవడం సరే. ఇందిర చావు, వజ్రం, తల్లి మీద లోకం మాటలు, మూడూ 'చివరకు మిగిలేది'లోవి. అక్కడ దయానిధి డాక్టరు, భార్య ఇందిర క్షయతో పోతుంది, తల్లి గురించి జనం అనుకునే మాటలు అతన్ని వదలవు, రాయలసీమ వెళ్లాక వజ్రం దొరుకుతుంది. ఒక డాక్టరు, ఒక ఇందిర అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు, అందుకే ఆవిడ తలలో రెండు కథలకీ ముడి పడింది. "స్వార్థపరురాలు" అన్న అభిప్రాయం చీటీ తీసి ఇప్పుడు చూపిస్తే, "తండ్రిని పోషిస్తూ, తనకేం కావాలో తెలిసి నడుచుకునే పిల్లని పట్టుకుని అప్పట్లో అలా ఎందుకనుకున్నానో" అంది. ఆ చీటీని నవలతో సరిచూడలేం, అది పాఠకురాలి సంగతి, కానీ దాన్ని సంఘటనగా మార్చి కథలో పెట్టి ఉంటే మాత్రం తప్పయ్యేది.

8. ఫలితాన్ని ఎలా రాసుకోవాలి

ప్రతి చీటీ మీదా ఈ నాలుగింట్లో ఒకటి రాయండి: కలిసింది, తప్పు, వేరే పుస్తకానిది, దొరకలేదు. "వేరే పుస్తకానిది" అని రాయాలంటే ఆ రెండో పుస్తకంలో కూడా చూసి ఉండాలి. మొదటి పుస్తకంలో లేదు కాబట్టి రెండోదాంట్లో ఉంటుంది అనుకోవడం మళ్లీ ఊహే. కలిసినవాటి పక్కన పేజీ నంబరూ, ఏ ముద్రణో రాసుకోండి, ముద్రణ మారితే పేజీలు మారిపోతాయి.

కలిసింది అనడానికి కాస్త గట్టిగా ఉండండి. మీరు రాసింది "మేనమామ ఇందిరని అవమానించాడు" అయి, పుస్తకంలో మేనమామ వచ్చాడు అంతే అయితే అది కలవడం కాదు. చీటీ మీద రాసిన మాటలకే మార్కు వేయండి, "నా ఉద్దేశం అదే" అని సర్దుబాటు చేసుకోవద్దు.

సరిచూశాక కథని మళ్లీ ఒక పేజీలో రాసుకోవాలనుకుంటే, పుస్తకం మూసి రెండు రోజులాగి రాయండి, రాశాక మళ్లీ పోల్చండి. ఇప్పుడు కూడా ఏదో ఒకటి జరుగుతుంది, ఈసారి తప్పులు కొత్తవి వస్తాయి, ముఖ్యంగా మీరు పూర్తిగా చదవకుండా దూకిన ప్రకరణాల దగ్గర. అవే చదవాల్సిన ప్రకరణాలు.

"దొరకలేదు" చీటీలు ఒకటో రెండో మిగులుతాయి. వానలో తడుస్తూ ఉత్తరం చదివే మనిషి మా కుప్పలో అలాగే మిగిలాడు. రెండు నవలల్లోనూ చూసినంతవరకు తగల్లేదు. ఇలాంటి చీటీని బలవంతంగా దేంట్లోనూ ఇరికించకుండా, తేదీ వేసి, ఎక్కడెక్కడ వెతికారో వెనక రాసి కవర్లో పెట్టేయండి. అది ఏ సినిమాలోదో, వారపత్రికలో సీరియల్‌కి వేసిన బొమ్మో అయ్యుండొచ్చు. ఇంకో నవల కోసం ఇదే పని మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందుగా ఆ కవరు తెరిచి చూసుకోండి.